నెలరోజులు బడికి ఆలస్యం: ఉత్తరంలో ఏం రాయాలి?

సందేహం: మా అబ్బాయి ఏడో తరగతి. సైకిల్ మీద నుంచి పడి మోచేయి విరిగింది. కట్టు విప్పాక చెయ్యి పూర్తిగా చాపలేకపోతున్నాడు. నెలరోజులు రోజూ ఉదయం ఫిజియోథెరపీ చేయించాలన్నారు. బడి 8.45కు మొదలవుతుంది, మేము చేరేసరికి 10 అవుతోంది. క్లాస్ టీచరుకు వాట్సాప్‌లో చెప్పాను. అయినా రెండు రోజులు వాడిని గేటు బయట నిలబెట్టారు. రోజూ సగం రోజు గైర్హాజరు వేస్తామంటున్నారు. కేసు వేయవచ్చా?
– ఒక తల్లి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: రోజూ ఆలస్యంగా రావడానికి హక్కు ఉందని ఏ చట్టమూ చెప్పదు. వేళలు పెట్టేది బడి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 కింద వెసులుబాటు అడగమని మీకు ఎవరైనా చెప్పవచ్చు. ఆ చట్టం దీర్ఘకాలిక వైకల్యం ఉన్నవారి కోసం. కొద్ది నెలల్లో బాగయ్యే మోచేయి దాని కిందికి రాదు. ఉత్తరంలో ఆ పేరు ఎత్తితే మీ మాట బలహీనపడుతుంది.

గేటు బయట నిలబెట్టడం వేరే సంగతి. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. ప్రైవేటు బడికీ ఇది వర్తిస్తుంది. మైనారిటీ సంస్థల బడులు మాత్రం ఈ చట్టం పరిధిలోకి రావని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ బడి అలాంటిదేమో ముందు చూసుకోండి. చెయ్యి బాగాలేని పిల్లవాడిని పుస్తకాల సంచితో ఎండలో నిలబెట్టడాన్ని క్రమశిక్షణ అని సమర్థించుకోవడం బడికి కష్టమే.

కానీ ఫిర్యాదు దారి చూడండి. అదే చట్టంలోని 32వ సెక్షన్ ప్రకారం స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, వాళ్లు తేల్చడానికి మూడు నెలల గడువు ఉంది. మీ చికిత్స ఒక్క నెల. అందుకే కేసు కన్నా ముందు సరైన ఉత్తరం కావాలంటాను.

వాట్సాప్ సందేశం టీచరుకు చేరింది, బడికి చేరలేదు. ఉత్తరం ప్రధానోపాధ్యాయుల పేరుతో ఉండాలి. అందులో 'కొన్నాళ్లు కాస్త ఆలస్యమవుతుంది' అని రాయవద్దు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ వారాల్లో, ఎన్ని గంటలకు చేరతాడు, ఏ పీరియడ్లు పోతాయి, ఎవరు తీసుకువస్తారు అన్నది రాయండి. తర్వాత అడగవలసినవి రెండే: ఆ వేళకు లోపలికి రానివ్వాలి, మొదటి పీరియడ్‌లో పరీక్ష పడితే వేరే సమయంలో పెట్టాలి. కోపం, నిందలు ఇందులో వద్దు. గేటు దగ్గర జరిగిందాన్ని తేదీలతో వేరే కాగితం మీద రాసి మీ దగ్గరే ఉంచుకోండి.

బడి మిమ్మల్ని తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: 'సాయంత్రం వెళ్లవచ్చు కదా?' డాక్టరు చీటీలో 'ఫిజియోథెరపీ, నాలుగు వారాలు' అని మాత్రమే ఉంటే దీనికి జవాబు దొరకదు. ఫిజియోథెరపిస్టును అడిగి, ఉదయమే రావలసిన కారణం, చికిత్స వేళ, మొదలయ్యే, ముగిసే తేదీలు లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాల్లో రాయించుకోండి. సాయంత్రం ఖాళీలు లేకపోవడమే కారణమైతే అదే రాయించండి, దాచవలసిన పని లేదు. జతపరచవలసింది ఈ కాగితం ఒక్కటే. ఎక్స్‌రేలు, ఆసుపత్రి ఫైలు అంతా బడికి ఇవ్వనక్కరలేదు.

హాజరు గురించి భయపడకండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు విద్యాహక్కు చట్టం ఏడాదికి కనీసం 220 పనిదినాలు చెబుతుంది. నెలలో 26 రోజులు సగం పూట గైర్హాజరు వేసినా పోయేవి 13 రోజులు. మిగతా రోజులన్నీ వెళితే 207, అంటే 94 శాతం. పదో తరగతి బోర్డు పరీక్షకు 75 శాతం హాజరు అడుగుతారు. ఆ ఏడాది పిల్లలకైతే ఈ లెక్క ముందే వేసుకోవాలి. మీ వాడికి ఆ చిక్కు లేదు.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకువెళ్లండి. రెండోదాని మీద ఆఫీసు ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి. తీసుకోబోమంటే వాదించకుండా స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఆ తర్వాత కూడా బయట నిలబెడితే మండల విద్యాధికారికి, జిల్లా విద్యాధికారికి రాయండి. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి వేరే జిల్లా కాబట్టి అర్జీ చిత్తూరుకు కాదు, ఇక్కడికే ఇవ్వాలి.

ఒక చిన్న పని మరిచిపోవద్దు. ఉదయం పదింటికి గేటు దగ్గర ఉండేది ప్రధానోపాధ్యాయులు కాదు, వాచ్‌మన్. ముద్ర వేసిన ప్రతికి జిరాక్స్ తీయించి అబ్బాయి డైరీలో పెట్టండి.