మైకు మార్చే ముందు అడగాల్సినవి

ఒరేయ్ చంటీ,

రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. కాల్‌లో వాయిస్ సరిగా రావట్లేదని వచ్చిన మిర్చి యార్డు వ్యాపారి ఫోన్‌కి, మైకు ఉండే ఛార్జింగ్ బోర్డు మార్చి 450 తీసుకున్నావు, మూడో రోజుకల్లా ఆయన తిరిగొచ్చి "ఏమీ మారలేదు, పైగా కొత్త గోల ఒకటి మొదలైంది" అని ఫోన్ నీ కౌంటర్ మీద పెట్టాడు. ఇప్పుడు ఆడియో ఐసీ పోయిందేమోనని మదర్‌బోర్డు మీద చెయ్యి వేద్దామనుకుంటున్నావు. ఆ హీట్ గన్ పక్కన పెట్టు. పొద్దున్నే ఆ పెద్దమనిషికి నేనే ఫోన్ చేసి అరగంట మాట్లాడాను. నువ్వు అడగాల్సినవి అడగకుండానే స్క్రూలు విప్పావు.

"వాయిస్ సరిగా రావట్లేదు" అని కస్టమర్ అంటే అది కంప్లయింట్ కాదురా, కంప్లయింట్‌కి తలుపు మాత్రమే. ఎవరికి వినపడట్లేదు, ఎక్కడ ఉన్నప్పుడు, అందరితోనా ఒక్కరితోనా, కట్ చేసి మళ్ళీ చేస్తే బాగుపడుతుందా, ఈ నాలుగూ అడిగి కాగితం మీద రాసుకో. కాల్‌లో మాట పోయే దారి వేరు, వచ్చే దారి వేరు. ఒకటి మూసుకుపోయినా రెండోది చక్కగా నడుస్తుంది, అందుకే ఏ దారి పాడైందో తెలియకుండా ఏ పార్ట్ మార్చినా చీకట్లో రాయి వేసినట్టే.

ఆయన్ని అడిగితే తేలిందేంటంటే, ఆయనకి ఉన్నవి ఒకటి కాదు, మూడు జబ్బులు. గోడౌన్‌లో ఉన్నప్పుడు అవతలివాళ్ల మాట ఈయనకి వినపడుతుంది, ఈయన మాట వాళ్లకి అసలు పోదు. ఇంట్లో ఉన్నప్పుడు మాట పోతుంది కానీ ముక్కలు ముక్కలుగా పోతుంది. ఇక నువ్వు ఫోన్ విప్పి ఇచ్చిన దగ్గర్నుంచి, డల్లాస్‌లో ఉన్న కొడుకు "నాన్నా, నా మాట నాకే తిరిగి వినపడుతోంది" అంటున్నాడట. ఈ మూడింటికీ ఒకే కారణం వెతికావు కాబట్టే దొరకలేదు.

గోడౌన్ సంగతి ముందు చెప్తాను. ఆయన్ని గోడౌన్‌లో, ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చోబెట్టి సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాల కింద సిమ్ స్టేటస్ చూడమన్నాను. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో డయలర్‌లో ఇది కొట్టినా వస్తుంది, కొన్ని కంపెనీలు మూసేశాయి:

```
*#*#4636#*#*
```

అక్కడ సిగ్నల్ dBmలో ఉంటుంది. మైనస్ అంకె కదా, ఎంత పెరిగితే అంత బలహీనం. 4జీలో నా అనుభవం ప్రకారం -90 దాకా దిగుల్లేదు, -105 దాటితే అనుమానించాలి, -115 దాటితే మాట నిలబడడం కష్టం. ఆయన చదివింది -114. రేకుల షెడ్డు, చుట్టూ బస్తాల గోడలు, ఇంకేముంటుంది. రోడ్డు మీదకి రమ్మంటే -89 అన్నాడు, అక్కడి నుంచి చేసిన కాల్ రెండు వైపులా శుభ్రంగా ఉంది.

మరి సిగ్నల్ తక్కువైతే రెండు వైపులా పోవాలి కదా, ఒక్క వైపే ఎందుకు పోయింది అని నువ్వు అడుగుతావని తెలుసు. టవర్ పదుల వాట్లతో అరుస్తుంది, మన ఫోన్ వాటులో ఐదో వంతుతో గొణుగుతుంది. టవర్‌కి మన గొణుగుడు వినడానికి మంచి చెవులు ఉన్నాయనుకో, అయినా అంచు దగ్గరికి వచ్చేసరికి సాధారణంగా ముందు తెగేది మన వైపు నుంచి వెళ్ళే దారే. స్క్రీన్ మీద గీతలు టవర్ మాట మనకెంత వినపడుతోందో చెప్తాయి, మన మాట టవర్‌కి చేరుతోందా అన్నది చెప్పవు. అందుకే "రెండు గీతలు ఉన్నాయి సార్, మైకే పోయింది" అంటారు జనం, మనమూ నమ్మేస్తాం.

అంత మాత్రాన నెట్‌వర్క్ అని తీర్పు చెప్పెయ్యలేదు. అదే కుర్చీలో, అదే నంబరుకి, ఆయన గుమాస్తా ఫోన్‌లో ఆయన సిమ్ వేయించి కాల్ చేయించాను: అదే జబ్బు. గుమాస్తా సిమ్ వేరే కంపెనీది, దాన్ని ఆయన ఫోన్‌లో వేస్తే -97 చూపించింది, మాట పోయింది. జబ్బు సిమ్ వెంట నడిచింది, ఫోన్ వెంట కాదు. ఈ మార్పిడి ఒక్కటి సరిగ్గా చేస్తే సగం వాదనలు ఆగిపోతాయి. కానీ చోటు మారకూడదు, అవతలి నంబరు మారకూడదు, ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. నీ షాపులో కూర్చుని ఈ పరీక్ష చేస్తే ఏం తేలుతుంది? ఆయన గోడౌన్ నీ షాపులో లేదు కదా.

ఆయన ఆఫీసు గదిలో బ్రాడ్‌బ్యాండ్ ఉందన్నాడు. వైఫై కాలింగ్ ఆన్ చేయించాను, ఆ గదిలో ఉన్నంతసేపూ పని జరిగిపోతోంది. అయితే దానికీ ఒక తిరకాసు ఉంది. వైఫై కాలింగ్ ఆన్‌లో ఉండి, అదే లైన్ మీద ఎవరో పెళ్లి వీడియోలు అప్‌లోడ్ చేస్తుంటే, ఫోన్ నిండా గీతలున్నా మాట తెగుతుంది. "ఫుల్ సిగ్నల్ ఉంది, ఇంట్లోనే ముక్కలవుతోంది" అని ఎవరైనా వస్తే ముందు వైఫై ఆపి మళ్ళీ కాల్ చేయించు. సిమ్ కంపెనీకి చెప్పాలంటే 198కి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోమన్నాను, చోటూ టైమూ dBm అంకె చెప్పమన్నాను. ఉత్తినే "సిగ్నల్ లేదు" అంటే ఫోన్ ఆపి ఆన్ చేయమంటారు, అంతే.

ఇక ఇల్లు. అక్కడ -84, బంగారంలా ఉంది. వైఫై ఆపినా ముక్కలే, గుమాస్తా సిమ్ వేసినా ముక్కలే, వాట్సాప్ కాల్‌లోనూ ముక్కలే. (వాట్సాప్‌లో మాత్రమే మాట పోక, మామూలు కాల్ బాగుంటే యాప్‌కి మైక్ పర్మిషన్ చూడు, బోర్డు జోలికి పోకు.) అప్పుడు వైరు ఇయర్‌ఫోన్ పెట్టించాను: శుభ్రంగా ఉంది. తీసేసి స్పీకర్ ఆన్ చేయించాను: అదీ బాగుంది. ఫోన్ చెవి దగ్గర పెట్టగానే మళ్ళీ ముక్కలు. ఇది ఫోనే, అందులోనూ కింద మైకు దారి. ఎందుకంటే చాలా ఫోన్లలో కింద ఒక మైకు, పైన ఒక మైకు ఉంటాయి, స్పీకర్ కాల్‌లో పై మైకుకి పని పడుతుంది.

నువ్వు బోల్తా పడింది ఇక్కడే. రికార్డర్‌లో మాట బాగానే వచ్చిందని, కాబట్టి మైకు బాగుందని, కొత్త బోర్డు కూడా వేశానని అంటున్నావు. ఆ రికార్డింగ్ నాకూ పంపించాడు. మాట తెగట్లేదు, నిజమే, కానీ దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంది. కాల్‌లో ఫోన్ రెండు మైకుల్నీ పోల్చి చూస్తుంది. కింద మైకులో గట్టిగా, పై మైకులో మెల్లగా వినపడితే అది మనిషి మాట అనుకుంటుంది, రెండింట్లో ఒకేలా ఉంటే చుట్టుపక్కల రొద అనుకుని నొక్కేస్తుంది. కింద రంధ్రం సగం పూడిపోతే యజమాని గొంతునే రొద అనుకుని కోసేస్తుంది. మామూలు రికార్డర్‌లో ఆ కోత అంతగా ఉండదు కాబట్టి నువ్వు మోసపోయావు.

చెవితో కూడా తేడా పట్టొచ్చు, అలవాటు చేసుకో. వోల్ట్‌ఈ కాల్‌లో మాట సెకనుకి 50 ముక్కలుగా ప్రయాణిస్తుంది, ఒకటీ అరా పోతే ఫోన్ పూడ్చేస్తుంది, వరుసగా పోతే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు, రోబోలా సాగుతుంది, వెనక ఫ్యాన్ చప్పుడు కూడా దాంతోపాటే తెగుతుంది. ఫోన్ కోసినప్పుడు రోబో గొంతు రాదు. మాట మొదలూ చివరా మాయమవుతాయి, మెల్లగా అన్నవి పోతాయి, గట్టిగా అరిస్తే వస్తాయి, మధ్యలో చెవిటి నిశ్శబ్దం.

కొత్త బోర్డు వేసినా మారకపోవడానికి కారణం మిరపకారం. యార్డులో గాలిలోనే అది ఉంటుంది. మైకు బోర్డు మీద ఉంటుంది కానీ దాని ముందు జాలీ ఫ్రేముకి అంటుకుని ఉంటుంది. నువ్వు కొత్త మైకుని పాత పూడిపోయిన జాలీ వెనకే కూర్చోబెట్టావు. బోర్డు విప్పి, ఫ్రేము బయటికి తీసి, జాలీని మెత్తని బ్రష్షుతో ఐపీఏ పెట్టి కడిగి ఆరబెట్టు, లేదా కొత్తది అంటించు. బయటి నుంచి సూది దూర్చకు, మైకు మీదకి బ్లోయర్ కొట్టకు, లోపలి పొర చిరిగిందంటే నీ 450 బోర్డు నువ్వే చంపుకున్నట్టు.

మూడోది ఎకో. తన మాట తనకే వినపడుతోందని ఎవరంటారో వాళ్ల ఫోన్‌ని అనుమానించకు, అవతలి ఫోన్‌ని చూడు. డల్లాస్ అబ్బాయి గొంతు ఈయన ఇయర్‌పీస్‌లోంచి బయటపడి ఈయన మైకులోకి దూరి తిరిగి అంత దూరం వెళ్తోంది. వాల్యూమ్ సగానికి తగ్గించమన్నాను, ఎకో తగ్గింది. ఇయర్‌ఫోన్ పెడితే పూర్తిగా పోయింది. నెట్‌వర్క్ ఎకో అయితే ఇలా ఈ ఫోన్ వాల్యూమ్‌తో పెరిగి తగ్గేది కాదు. నువ్వు విప్పిన తర్వాతే మొదలైంది కాబట్టి నేననుకునేది, ఇయర్‌పీస్ చుట్టూ ఉండే నల్ల స్పాంజో, మైకు రబ్బరో తిరిగి పెట్టలేదు, లేదా నలిగి పక్కకి జరిగింది. శబ్దం ఫోన్ పొట్టలోంచే మైకు దాకా నడిచిపోతోంది. నీ డస్ట్‌బిన్‌లో వెతుకు, దొరికినా దొరుకుతుంది.

రేపు పదకొండింటికి ఫోన్ తెచ్చిస్తానన్నాడు. జాలీ కడిగి, రబ్బరూ స్పాంజూ చూసి బిగించాక ముందు చెవి దగ్గర, తర్వాత స్పీకర్‌లో, తర్వాత ఇయర్‌ఫోన్‌తో నాకే కాల్ చెయ్యి, నేను విని చెప్తాను. వాల్యూమ్ ఫుల్‌లో పెట్టి చెయ్యి, ఎకో అప్పుడే బయటపడుతుంది. గోడౌన్ సంగతి మాత్రం నీ చేతిలో లేదని ఆయనకి ముందే చెప్పాను, మళ్ళీ నువ్వూ చెప్పు. ఈసారి డబ్బులు అడగకు.

మీ బాబాయ్