అబ్‌స్ట్రాక్ట్‌లో ఏ మాట ఎంత గట్టిగా చెప్పాలి?

ప్రశ్న: నేను ఎంపీహెచ్ రెండో ఏడాది చదువుతున్నాను. 140 మంది గర్భిణులపై సర్వే చేసి కాన్ఫరెన్స్‌కు అబ్‌స్ట్రాక్ట్ రాశాను. భోజనంతో పాటు టీ తాగే 60 మందిలో 39 మందికి, తాగని 80 మందిలో 36 మందికి రక్తహీనత ఉంది. ‘టీ రక్తహీనతకు కారణమని రుజువైంది’ అని రాస్తే మా గైడ్ కొట్టేశారు. ‘కొంత సంబంధం ఉండే అవకాశం ఉండవచ్చేమో’ అని మార్చితే, ‘ఇంతకీ ఏం చెప్తున్నావ్?’ అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎలా రాయాలి?

జవాబు: మీ గైడ్ రెండుసార్లూ సరిగ్గానే అన్నారు. మీరు అబ్‌స్ట్రాక్ట్ మొత్తానికీ ఒకే స్వరం వెతుకుతున్నారు. నిజానికి అందులో ఒక్కో వాక్యానికి ఒక్కో బలం ఉంటుంది.

ముందు మీరు లెక్కపెట్టినవి చూద్దాం. టీ తాగేవారిలో 65 శాతం, తాగనివారిలో 45 శాతం మందికి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తక్కువగా ఉంది. ఇది మీ కళ్లతో చూసిన అంకె, కాబట్టి ‘మే’, ‘సీమ్స్’ లాంటివి ఇక్కడ వద్దు. జరిగింది జరిగినట్టు భూతకాలంలో రాసేయండి. టీలోని పాలీఫినాల్స్ ఇనుము ఒంటబట్టడాన్ని తగ్గిస్తాయన్నది కూడా ఎప్పుడో స్థిరపడిన విషయమే. బ్యాక్‌గ్రౌండ్‌లో దాన్నీ ‘తగ్గించవచ్చు’ అని రాస్తే మీకు సబ్జెక్టు తెలియదనుకుంటారు.

చిక్కంతా కన్‌క్లూజన్ దగ్గరే. మీరు టీ అలవాటునూ రక్తాన్నీ ఒకే రోజు అడిగి, పరీక్షించారు. అంటే ఇది క్రాస్ సెక్షనల్ సర్వే, ఏది ముందో ఏది వెనకో ఇందులో తెలియదు. రక్తం తక్కువై నీరసంగా ఉన్నందువల్లే ఆమె టీ ఎక్కువ తాగుతుండవచ్చు. లేదా ఇంట్లో ఆకుకూరలు, గుడ్లు కొనే స్తోమత లేకపోవడమే అసలు కారణమై ఉండవచ్చు. అందుకే ‘ప్రూవ్స్’, ‘కాజెస్’, ‘లీడ్స్ టు’ మీకు దక్కవు. ‘వాజ్ అసోసియేటెడ్ విత్’ మాత్రం పూర్తిగా దక్కుతుంది. దాని ముందు మళ్లీ ‘మే బి’ తగిలించకండి, ఎందుకంటే మీ శాంపిల్‌లో ఆ సంబంధం కనిపించింది. తేడా 20 పాయింట్లు, దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ సుమారు 4 నుంచి 36. ఈ ఇంటర్వెల్‌ను వాక్యంలోనే ఇవ్వండి. సంబంధం బలంగానూ ఉండొచ్చు, స్వల్పంగానూ ఉండొచ్చు అన్న సంగతి నాలుగు ‘పాసిబ్లీ’ల కంటే అదే బాగా చెప్తుంది.

‘మే’ అవసరమయ్యేది దీని తర్వాతి అడుగులో, అంటే డేటాను దాటి ముందుకెళ్లినప్పుడు. ‘భోజనానికీ టీకీ మధ్య ఎడం పెట్టమని చెప్పడం ఉపయోగపడవచ్చు’ అన్నది మీరు పరీక్షించిన విషయం కాదు. అక్కడ ఒక్క ‘మే’ పెట్టండి, చాలు. ‘మే పాసిబ్లీ సజెస్ట్’ అని మూడు కలిపితే వాక్యం నీరుగారిపోతుంది. మీ రెండో డ్రాఫ్ట్‌లో జరిగింది అదే.

మీరు అడగకపోయినా ఇంకోటి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఐరన్ మాత్రలు సరిగా వేసుకునే 90 మందిలో 46 మందికి, వేసుకోని 50 మందిలో 29 మందికి రక్తహీనత ఉందనుకోండి. అంటే 51 శాతం, 58 శాతం. పీ విలువ 0.05 దాటింది కదా అని ‘మాత్రలకూ రక్తహీనతకూ సంబంధం లేదు’ అని రాసేస్తారు. చూడటానికి వినయంగా ఉన్నా, ‘రుజువైంది’ అన్నంత దుడుకు మాట ఇది. ఆ 7 పాయింట్ల తేడాకు ఇంటర్వెల్ సుమారు మైనస్ 10 నుంచి 24 వరకు సాగుతుంది. అంటే పెద్ద తేడాయే ఉన్నా ఇంత చిన్న శాంపిల్‌లో దొరక్కపోవచ్చు. ‘స్పష్టమైన తేడా కనిపించలేదు’ అని రాసి, ఇంటర్వెల్ ఇచ్చి వదిలేయండి.

ఇక మీ కన్‌క్లూజన్ అర్థం ఇలా ఉండాలి: ‘ఈ గర్భిణుల్లో భోజనంతో టీ తాగే అలవాటుకూ రక్తహీనతకూ సంబంధం కనిపించింది. ఒకే సమయంలో సేకరించిన సమాచారం కాబట్టి కారణాన్ని నిర్ధారించలేం. ఆహారం, ఆదాయం లెక్కలోకి తీసుకుని, కొంతకాలం పాటు అనుసరించే అధ్యయనం కావాలి.’ ‘ఈ గర్భిణుల్లో’ అన్న మాట తీసేస్తే రాష్ట్రంలోని గర్భిణులందరి గురించీ చెప్పినట్టవుతుంది, జాగ్రత్త.

టైటిల్ కూడా ఒకసారి చూసుకోండి. లోపల ఎంత జాగ్రత్తగా రాసినా, పైన ‘ఎఫెక్ట్ ఆఫ్ టీ’ అని ఉంటే రివ్యూయర్ మొదటి లైన్‌లోనే పట్టుకుంటారు. దాన్ని ‘అసోసియేషన్’గా మార్చి, పక్కనే క్రాస్ సెక్షనల్ స్టడీ అని పెట్టండి. పరిశీలన అధ్యయనాలకు వాడే స్ట్రోబ్ మార్గదర్శకాలు కూడా టైటిల్‌లో గానీ అబ్‌స్ట్రాక్ట్‌లో గానీ స్టడీ రకం చెప్పమంటాయి. పదాల పరిమితి దాటితే బ్యాక్‌గ్రౌండ్‌లో ఒక వాక్యం తగ్గించుకోండి. ఇంటర్వెల్‌ను, ‘కారణాన్ని నిర్ధారించలేం’ అన్న వాక్యాన్ని మాత్రం తీసేయకండి.