మలుపులో వెలిగి ఆరిపోయే ఎర్ర బ్రేక్ లైటు: ఆయిల్ పోసే ముందు ఏం చూడాలి

ప్రశ్న: మాది హన్మకొండ. కారు 48 వేల కిలోమీటర్లు తిరిగింది. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించే ఉంటుంది, అయినా మలుపు తిరిగినప్పుడు, కాజీపేట బ్రిడ్జి దిగేటప్పుడు మీటర్లో ఎర్ర బ్రేక్ లైటు వెలిగి ఆరిపోతోంది. బ్రేకులు మాత్రం బాగానే పడుతున్నాయి. కొంచెం బ్రేక్ ఆయిల్ పోస్తే సరిపోతుందని పక్కింటాయన అంటున్నాడు. వచ్చే ఆదివారం అమ్మానాన్నలను తీసుకొని మేడారం పోవాలి. పోవచ్చా?

జవాబు:

ఆయిల్ ఇప్పుడే పోయకండి. పోస్తే లైటు ఆరిపోతుంది, మీ పక్కింటాయన మాట నిజమే. కానీ ఆ లైటు ఎందుకు వెలిగిందో తెలిసే దారి కూడా అక్కడితో మూసుకుపోతుంది. మొదట ముందు చక్రాలు రెండింటి బ్రేక్ ప్యాడ్లు చూపించండి, ఆ తర్వాత ఆయిల్ సంగతి చూడొచ్చు.

మన దగ్గర తిరిగే మామూలు కార్లలో చాలావాటికి ఎర్ర లైటు ఒక్కటే ఉంటుంది, దాన్ని రెండు స్విచ్‌లు వెలిగిస్తాయి. ఒకటి హ్యాండ్ బ్రేక్ లివర్ కింద ఉంటుంది. రెండోది బోనెట్ కింద, బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఉంటుంది. డబ్బాలో ఒక ఫ్లోట్ ఆయిల్ మీద తేలుతూ ఉంటుంది, మట్టం మిన్ గీత దగ్గరికి దిగితే లైటు వెలుగుతుంది. కారు మలుపు తిరిగినా, ముందుకు వాలినా డబ్బాలో ఆయిల్ ఒక పక్కకు పోతుంది, ఫ్లోట్ ఒక్క క్షణం కిందికి దిగుతుంది, మళ్లీ లేస్తుంది. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే. మట్టం మిన్ గీతకు దగ్గరగా వచ్చిందన్నమాట.

హ్యాండ్ బ్రేక్ స్విచ్ లోపమైతే వరస వేరుగా ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు మిణుకుమంటుంది, లివర్‌ను చేత్తో కిందికి నొక్కిపట్టగానే ఆరిపోతుంది. ఇంకా అనుమానముంటే బండి ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, లివర్‌ను ఒక్కసారి టిక్కుమనేదాకా, అంటే ఒక పన్ను మాత్రమే లేపి దించి, లైటు వెలిగి ఆరుతుందేమో చూడండి. ఆ పూర్తిగా దిగని ఒక్క పన్నే చాలాసార్లు అసలు కారణం. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అంత కొద్దిగా లేచి ఉన్నా వెనక డ్రమ్ములు రాసుకుంటూనే ఉంటాయి. దూరం పోయి దిగాక వెనక చక్రం దగ్గర కాలిన వాసన వస్తే, చెయ్యి దగ్గరకు పెడితే వేడి కొడితే, అదే. డ్రమ్మును ముట్టుకోవద్దు, చల్లారనివ్వండి.

ఇక ఆయిల్ ఎటు పోయిందన్న ప్రశ్న. బ్రేక్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లాగా కాలిపోదు, పెట్రోల్‌లాగా ఖర్చు కాదు. మట్టం దిగిందంటే రెండే దారులు: అరిగిన ప్యాడ్ల వెనక్కి చేరి ఉంటుంది, లేదంటే బయటికి కారిపోయి ఉంటుంది.

మొదటిది అందరికీ అర్థమయ్యేలా లెక్క చెప్తాను. ముందు డిస్క్ బ్రేకులో కాలిపర్ అనే భాగంలో ప్యాడ్లను డిస్కుకు నొక్కే పిస్టన్ ఒకటి ఉంటుంది, చిన్న కార్లలో దాని వెడల్పు సుమారు 5 సెంటీమీటర్లు. కొత్త ప్యాడ్ మీద పదార్థం 10 మిల్లీమీటర్ల చొప్పున ఉంటుందనుకుందాం. అది 3 మిల్లీమీటర్లకు అరిగితే ఒక్కో ప్యాడ్ 7 మిల్లీమీటర్లు పోయినట్టు. చక్రానికి రెండు ప్యాడ్లు కాబట్టి పిస్టన్ 14 మిల్లీమీటర్లు బయటికి వచ్చి అక్కడే ఆగుతుంది, వెనక ఖాళీ అయిన చోటును ఆయిల్ నింపుతుంది. చక్రానికి దాదాపు 27 మిల్లీలీటర్లు, రెండు ముందు చక్రాలకూ కలిపి 55 వరకు. సగం టీ గ్లాసు ఆయిల్ ఎక్కడా కారకుండానే డబ్బాలోంచి కాలిపర్లలోకి పోయిందన్నమాట. డబ్బాలో మాక్స్, మిన్ గీతల మధ్య ఉంచిన చోటు ఈ అరుగుదల కోసమే. మన చిన్న కార్లలో చాలావాటికి ప్యాడ్లు అరిగినట్టు చెప్పే కరెంటు సెన్సార్ ఉండదు, మట్టం తగ్గి వెలిగే ఈ లైటే మొదటి కబురు. రెండో కబురు ప్యాడ్‌కు ఉండే చిన్న రేకు. ప్యాడ్ బాగా అరిగాక అది డిస్కును గీరి కీచుమంటుంది.

మా బావమరిది కారుకు అచ్చం మీ కారులాగే అయింది. బ్రిడ్జి దిగేటప్పుడు లైటు, పెడల్ మాత్రం గట్టిగానే ఉంది. చక్రం విప్పి చూస్తే బయటి ప్యాడ్ 4 మిల్లీమీటర్లు కనిపించింది, మెకానిక్ ఇంకో ఆరు నెలలు నడుస్తుందన్నాడు. నేను లోపలి ప్యాడ్ కూడా చూడమన్నాను. అది 2 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. పిస్టన్ నేరుగా నొక్కేది లోపలి ప్యాడునే, కాలిపర్ జారే పిన్నుల్లో గ్రీసు ఎండిపోతే అదొక్కటే అరుగుతుంది. మీరు కూడా రిమ్ సందులోంచి కనిపించే బయటి ప్యాడ్ చూసి సంతోషపడకండి. రెండు వైపులా ప్యాడ్లు మార్చి, పిన్నులకు గ్రీసు పెట్టించాం. పిస్టన్లను వెనక్కి నొక్కగానే డబ్బాలో మట్టం మాక్స్ దగ్గరికి దానంతటదే లేచింది. ఒక్క చుక్క పోయలేదు. ముందే ఎవరైనా మాక్స్ దాకా పోసి ఉంటే ఆ సగం గ్లాసూ పొంగి పొర్లేది. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

రెండో దారి, అంటే కారడం, ప్రమాదమైనది. అది నా పాత కారుకు వచ్చింది. ప్యాడ్లు చూస్తే సగానికి పైగా మిగిలి ఉన్నాయి, అయినా మట్టం మిన్‌కు దిగింది. ప్యాడ్లు బాగుండి ఆయిల్ తగ్గితే లెక్క కుదరదు, ఎక్కడో కారుతున్నట్టే. డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టి, కొన్నాళ్లు ఊళ్లో మెల్లగా నడిపి చూశాను, మట్టం గీత కిందికి పోయింది. వెనక ఎడమ చక్రం లోపలి వైపు, టైరు గోడ మీద తడి కనిపించింది. డ్రమ్ము విప్పితే షూలను డ్రమ్ముకు నొక్కే వీల్ సిలిండర్ రబ్బరు కప్పు పాడై, బ్రేక్ షూలు నూనెలో నానినట్టున్నాయి. నానిన షూలను తుడిచి వేసుకోవడం దండగ, అవి పట్టవు. రెండు వైపులా సిలిండర్లు, షూలు మార్చి, నాలుగు చక్రాల బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయించాం. ఇందులో జనం గమనించని సంగతి ఒకటుంది. హ్యాండ్ బ్రేక్ తీగతో పనిచేస్తుంది కదా, ఆయిల్ పోయినా అదుందిలే అనుకుంటాం. కానీ చాలా చిన్న కార్లలో అది లాగేది కూడా అవే షూలను. షూలు నానిపోతే ఆ పక్క హ్యాండ్ బ్రేకూ జారుతుంది.

మీరు ఇంటి దగ్గరే చేయగల పరీక్ష ఇది. కారును సమంగా ఉన్న నేల మీద ఆపి మట్టం చూడండి. నాలుగు టైర్ల లోపలి వైపు, ఆయిల్ డబ్బాకు కింద ఉండే మాస్టర్ సిలిండర్ దగ్గర, తడి ఉందా అని వేలితో తుడిచి చూడండి. బ్రేక్ ఆయిల్ నూనెలా జారుడుగా ఉంటుంది, కొత్తదైతే లేత పసుపు. క్లచ్ కూడా ఆయిల్‌తో పనిచేసే కొన్ని కార్లలో రెండింటికీ ఒకే డబ్బా ఉంటుంది, అలాంటి కారైతే క్లచ్ పైపు వైపు కూడా చూడాలి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేకును గట్టిగా అర నిమిషం తొక్కిపట్టండి. మొదట కొద్దిగా దిగి ఆగితే మంచిదే, అది మీ తొక్కుడుకు బలం కలిపే బూస్టర్ పని. ఆగకుండా మెల్లమెల్లగా కిందికి దిగుతూనే ఉంటే బయట కారుతోంది, లేదంటే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బరు పోయింది. లోపలి రబ్బరు పోతే డబ్బాలో మట్టం తగ్గదు, లైటూ వెలగదు. అందుకే లైటు కంటే మీ కాలు చెప్పేదే ఎక్కువ నమ్మాలి.

పోవచ్చా అంటే, పెడల్ మునుపటిలాగే గట్టిగా ఉండి, మట్టం మిన్ దగ్గర ఉండి, ఎక్కడా తడి లేకపోతే ఊళ్లో మెకానిక్ దాకా మెల్లగా నడుపుకుంటూ పోవచ్చు. బాగుచేయించకుండా మేడారం మాత్రం వద్దు. ములుగు దాటాక తాడ్వాయి అడవి దారిలో బండి మొరాయిస్తే మెకానిక్ దొరకడు, అమ్మానాన్నలు పక్కనుండగా ఆ టెన్షన్ అక్కర్లేదు.

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా మెకానిక్ దాకా కూడా నడపకండి, బండి మీదికి ఎక్కించి తీసుకుపోయే టోయింగ్ వాళ్లను పిలవండి: పెడల్ మెత్తగా ఉండటం లేదా మునుపటి కంటే బాగా కిందికి పోవడం, బ్రేకు వేస్తే కారు ఒక పక్కకు లాగడం, టైరు దగ్గర తడి, ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూనే ఉండి డబ్బాలో ఆయిల్ మిన్ కిందికి పోవడం, ఎర్ర లైటుతో పాటు పసుపు ఏబీఎస్ లైటు కూడా వెలగడం. చివరిది చాలా కార్లలో ముందు వెనక బ్రేకులను సరిపాళ్లలో పంచే ఏర్పాటు కూడా ఆగిందని చెప్తుంది, గట్టిగా తొక్కితే వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి గిర్రున తిరిగిపోవచ్చు. తాడు కట్టి లాగించుకోవడం ఇంకా ప్రమాదం, తాడుతో లాగించుకునే బండికీ బ్రేకు కావాలి. ఇంజిన్ ఆపి ఉంటే రెండు మూడు తొక్కుళ్ల తర్వాత బూస్టర్ సాయం కూడా ఉండదు.

ఒకవేళ దారి మధ్యలోనే పెడల్ కిందికి పోతే కాలు తీసి గబగబా తొక్కండి, చాలాసార్లు కొంత పట్టు వస్తుంది. ఒక్కో గేరు తగ్గించుకుంటూ, హ్యాండ్ బ్రేకును బటన్ నొక్కిపట్టి మెల్లగా లాగుతూ రోడ్డు పక్కకు తీసుకోండి. ఇంజిన్ ఆపొద్దు.

ఆయిల్ తప్పనిసరిగా పోయాల్సివస్తే డబ్బా మూత మీద రాసిన రకమే పోయండి, మన కార్లకు ఎక్కువగా డాట్ 3 లేదా డాట్ 4. ఇంజిన్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్ పొరపాటున కూడా వద్దు. బ్రేకుల్లోని రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి, తర్వాత మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా అన్నీ మార్చాలి.

ప్యాడ్లే అరిగి ఉంటే ఈ వారంలోనే కొత్తవి వేయించండి, కానీ శనివారం సాయంత్రం దాకా ఆగొద్దు. కొత్త ప్యాడ్లు డిస్కుకు సర్దుకోవడానికి 200, 300 కిలోమీటర్లు పడుతుంది. అప్పటిదాకా పట్టు కొద్దిగా తక్కువే, ముందు బండికి ఎక్కువ దూరం వదలండి. ఇంకోటి, పిస్టన్లు వెనక్కి నొక్కారు కాబట్టి షెడ్డులో బండి ఎక్కగానే మొదటి తొక్కుడుకు పెడల్ నేలదాకా పోతుంది. గేరు వేయకముందే నాలుగైదు సార్లు తొక్కి, గట్టిపడ్డాకే బండి కదిలించండి.