సింగపూర్ బయలుదేరే చెల్లెలికి

చెల్లెమ్మా,

వీసా వచ్చిందని విని సంతోషించాను. అయితే దానితో పని పూర్తికాలేదు. సింగపూర్‌లో దిగే ముందు మన ప్రయాణ వివరాలు తెలిపే ఎస్‌జీ అరైవల్ కార్డు అని ఇంకొకటి నింపాలి. అది వీసా కాదు. వీసా ఉన్నా నింపాల్సిందే. సింగపూర్ ప్రభుత్వ సైటు ica.gov.sg లోనే నింపు. ఒక్క పైసా కట్టనక్కరలేదు. డబ్బు అడిగిన సైటు ఏదైనా సరే, వెంటనే మూసెయ్యి.

నేను మొదటిసారి తప్పు చేసింది తేదీ దగ్గరే. నీ విమానం శంషాబాదులో 14వ తేదీ రాత్రి 11 దాటాక ఎగిరి, 15వ తేదీ ఉదయం అక్కడ దిగుతుంది. ఫారంలో వేయాల్సింది దిగే తేదీ, అంటే 15. నేను టికెట్టు మీద పెద్దక్షరాల్లో కనిపించిన బయలుదేరే తేదీ వేసి, విమానాశ్రయంలో వరుసలో నిలబడి మళ్ళీ సరిదిద్దుకున్నాను. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపే నింపనిస్తారు కాబట్టి 13న కూర్చో. చెన్నైలో విమానం మారేటట్టయితే, సింగపూర్‌లో దిగే రెండో విమానం నంబరు ఇవ్వాలి.

చిరునామా దగ్గర తొందరపడకు. అక్కడున్న మన అమ్మాయిని ఆరంకెల పోస్టల్ కోడ్, బ్లాక్ నంబరు, వీధి పేరు, ఇంటి నంబరు విడివిడిగా రాసి పంపమను. అక్కడ ఇంటి నంబరు #07-112 అని ఉంటే, 07 అంతస్తు, 112 ఇల్లు. ఫారంలో ఈ రెంటికీ వేర్వేరు గడులుంటాయి. మన అలవాటు ప్రకారం "ఫలానా గుడి ఎదురుగా" అనే గుర్తులకు అక్కడ చోటు లేదు. బస హోటల్ అని కాక, నివాస గృహం అని ఎంచుకో. పేరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించకుండా రాయి.

ఇక సామాను. దాని సంగతి ఈ కార్డులో ఉండదు. దిగాక కస్టమ్స్ దగ్గర తేలుతుంది. అల్లుడికి ఇష్టమని కోడి పచ్చడి పెట్టుకుంటానన్నావు. వద్దు. మన దేశం నుంచి మాంసం, మాంసంతో చేసినవి తీసుకెళ్ళనివ్వరు. గసగసాలు అసలే వద్దు. మనకవి కూరలో వేసే మసాలా దినుసు, అక్కడ మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. ఇంట్లో కొట్టిన గరం మసాలాలో అవి కలిశాయేమో గుర్తు చేసుకో; అనుమానముంటే ఆ డబ్బా ఇక్కడే వదిలెయ్యి. ఆవకాయ, కందిపొడి నిక్షేపంగా పట్టుకెళ్ళు. ఏ వస్తువు మీదైనా సందేహం మిగిలితే, చూపించాల్సిందేమీ లేనివాళ్ళు వెళ్ళే ఆకుపచ్చ దారిలో నడిచిపోకు. ఎర్ర దారిలోకి వెళ్ళి అధికారికి చూపించు.

కార్డు పంపాక మెయిల్‌లో జవాబు వస్తుంది. నీ మెయిల్ నువ్వు తెరవలేవు కాబట్టి తమ్ముడి చేత దాన్ని ప్రింటు తీయించి, పాస్‌పోర్టులో పెట్టుకో.

మీ అక్క