మూడు గడులు, పదిహేను సముద్రాలు

ప్రశ్న: "ఆదివారం పజిల్‌లో 'బాణాలున్న సముద్రం (3)' అని ఆధారం ఇచ్చారు. సముద్రానికి మూడక్షరాల మాటలే బోలెడు గుర్తొస్తున్నాయి. ఏది రాయాలో ఎలా తేల్చుకుంటారు?"

మాది అమలాపురం దగ్గర, గళ్ళ నుడికట్టు నాకు వారం వారం ఉండాల్సిందే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు లెక్క సరిచూసుకోండి. మన గడిలో పట్టేది ఒక అక్షరం, అంటే గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిపి ఒక్కటే. సముద్రం అంటే స-ము-ద్రం, మూడు. అదే సముద్రము అని రాస్తే నాలుగు. సాగరం, అర్ణవం కూడా అంతే, చివర 'ము' పెడితే ఒక గడి పెరుగుతుంది. కాబట్టి మీకు తట్టిన మాట ఒక గడి తక్కువైందని వెంటనే కొట్టేయకండి, 'ము' చేర్చి చూడండి. అబ్ధి, వార్ధి రెండే గడులు, రత్నాకరం, పారావారం, జలనిధి నాలుగు, ఇవన్నీ ఇక్కడ పక్కకి పోతాయి.

ఇప్పుడు మూడక్షరాలవి. కడలి, సాగరం, అర్ణవం, మున్నీరు, సింధువు, సంద్రము, శరధి, ఇవి విడివిడిగా గుర్తుంచుకోవాల్సిందే. మిగతావి మాత్రం మీరే తయారుచేసుకోవచ్చు. నీటికున్న పేర్లు తీసుకోండి: జలం, వారి, నీరం, తోయం, అంబువు, పయస్సు, ఉదకం. దాని పక్కన 'ధి' పెడితే సముద్రం: జలధి, వారిధి, నీరధి, తోయధి, అంబుధి, పయోధి, ఉదధి. 'దం' పెడితే మబ్బు: జలదం, నీరదం, తోయదం, అంబుదం. 'జం' పెడితే తామర: జలజం, వారిజం, నీరజం, అంబుజం. అమరకోశం వారివర్గంలో సముద్రం పేర్లు చెప్పే శ్లోకంలో ఉదధి, జలనిధి ఉన్నాయి గానీ జలధి, వారిధి ఉండవు, అందుకని పుస్తకం తిరగేసినా ఈ కిటుకు తెలిసుండాలి.

దీనివల్ల ఇంకోటి తెలుస్తుంది. నిలువు మాట వల్ల మీకు మూడో గడిలో 'ధి' వచ్చిందనుకోండి, సంతోషపడాల్సింది పెద్దగా లేదు, సగం సముద్రాలకి చివర అదే. మన భాషలో చివరి అక్షరం ఎప్పుడూ బలహీనమే, ము, వు, డు, లు ఇవే తిరుగుతుంటాయి. పట్టు దొరికేది మొదటి గడిలోనో, నడిమి గడిలోనో. అందుకే అడ్డం దగ్గర ఆగిపోతే, ఆ రెండు గడుల మీదుగా వెళ్ళే నిలువుల్నే ముందు పట్టుకుంటాను.

ఉదాహరణకి మీ మాట నడిమి గడి మీదుగా ఒక నిలువు వెళ్తోంది, దాని ఆధారం 'శ్రావణంలో గోదారికి వచ్చేది (3)', మీ గడి అందులో రెండోది అనుకుందాం. వెల్లువ అని రాశారా, నడుమ 'ల్లు' పడుతుంది. ఏ సముద్రానికీ నడుమ 'ల్లు' లేదు, కాబట్టి తప్పు నిలువులో ఉందని అక్కడే తెలిసిపోతుంది. ఉప్పెన రాస్తే 'ప్పె', అదీ కుదరదు. పైగా మా వైపు ఎవరినడిగినా చెప్తారు, ఉప్పెన సముద్రం నుంచి మీదకొచ్చేది, ఎర్రనీళ్ళతో ఎగువ నుంచి దిగేది వరద. 1986 ఆగస్టులో గోదారికి వచ్చింది వరదే. వ-ర-ద, నడుమ 'ర'.

ఇప్పుడు జాబితా మీద ఆ 'ర' పెట్టి చూడండి. జలధికి 'ల', ఉదధికి 'ద', పయోధికి 'యో', అంబుధికి 'బు', తోయధికి 'య', అన్నీ పోయాయి. వారిధికి 'రి' ఉంది, చాలామంది ఇక్కడే గుడి సంగతి వదిలేసి 'ర' వచ్చింది కదా అని వారధి రాసేస్తారు. వారధి అంటే మన వాడుకలో వంతెన, సిద్ధాంతం అనే ఊరి దగ్గర గోదారి పాయ వసిష్ఠ మీద ఉన్నది వారధి. గుణింతం తేడా ఉంటే అక్షరం కలవనట్టే లెక్క. చివరికి నీరధి, శరధి మిగులుతాయి.

ఈ రెంటిలో ఏదో గడులు చెప్పవు, ఆధారంలో మీరింకా వాడని మాట చెప్తుంది. 'బాణాలున్న' అని ఊరికే పెట్టరు. శరం అంటే బాణం, శరధి అంటే సముద్రమే కాకుండా అమ్ములపొది కూడా. సమాధానం శరధి.

ఒట్టి 'సముద్రం (3)' అని మాత్రమే ఇచ్చి ఉంటే అంత నమ్మకంగా చెప్పలేం. అప్పుడు 'రధి' వరకు పెన్నుతో రాసి, మొదటి గడి మీదుగా వెళ్ళే నిలువు తేలేదాకా అక్కడ నీ, శ రెండూ పెన్సిల్‌తో మూలకి చిన్నగా రాసుకోండి. ఆ గడికి నిలువు లేకపోతే కూర్పరి సాధారణంగా రెండోదానికి చోటివ్వకుండా ఆధారంలోనే ఏదో ఒకటి పెడతారు, ఆధారాన్ని మళ్ళీ ఒక్కో మాటా విడదీసి చదవండి.