నీ మాటలతో నేను బొమ్మ గీయగలగాలి

అమ్మాయీ,

సముద్రం మీద పరీక్షకు నువ్వు రాసి పంపిన మూడు ప్రశ్నలూ చదివాను. సముద్రం గురించి నీకు బాగానే తెలుసు. చిక్కంతా బొమ్మను మాటల్లో పెట్టిన చోట ఉంది. బొమ్మ కనిపించని విద్యార్థి నీ వర్ణన ఒక్కదానితోనే జవాబు చెప్పగలగాలి. అందులో జవాబు మాత్రం దొరక్కూడదు. ఆటుపోట్ల ప్రశ్ననే తీసుకుందాం.

నువ్వు ఇలా రాశావు: "భూమికి కుడివైపు చంద్రుడు ఉన్నాడు. భూమి చుట్టూ నీరు రెండు వైపులా ఉబ్బి ఉంది. పోటు ఉన్న క బిందువు చంద్రుడికి ఎదురుగా ఉంది. ప బిందువు వద్ద నీరు పెరుగుతోందా, తగ్గుతోందా?"

ముందు చిన్న తప్పు. "పోటు ఉన్న క" అనేస్తే ఇక అడగడానికి ఏం మిగిలింది? కనిపించేది చెప్పు, దాని అర్థం వాళ్లకు వదిలెయ్. పెద్ద తప్పు ఇంకోటుంది: ఏ వైపు నుంచి చూస్తున్నామో, భూమి ఎటు తిరుగుతోందో నువ్వు చెప్పలేదు. ఈ తప్పు ఒకప్పుడు నేనూ చేశాను. ఉత్తర ధ్రువం పైనుంచి చూస్తే భూమి గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. దక్షిణం నుంచి చూస్తే ముళ్ల దిశలో తిరుగుతుంది. నా ప్రశ్నలో ఆ సంగతి లేకపోవడంతో సగం మంది "పెరుగుతోంది" అన్నారు, సగం మంది "తగ్గుతోంది" అన్నారు. ఇద్దరూ రైటే! చివరికి అందరికీ మార్కులు వేయాల్సి వచ్చింది.

నేనైతే ఇలా రాస్తాను: "ఉత్తర ధ్రువం పైనుంచి చూస్తున్నాం. భూమి గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతోంది. చంద్రుడు కుడివైపు ఉన్నాడు. భూమి అంచు మీద క కుడి చివర, ఖ పైన, గ ఎడమ చివర, ఘ కింద ఉన్నాయి. క, గ దగ్గర నీటి పొర మందంగానూ, ఖ, ఘ దగ్గర పలచగానూ ఉంది. ప బిందువు క, ఖల మధ్యలో ఉంది." ఇప్పుడు విద్యార్థి ఆలోచిస్తాడు: ప ఇప్పటికే క స్థానం దాటింది, ఖ వైపు పోతోంది, అంటే మందం నుంచి పలచదనానికి. నీరు తగ్గుతోంది. మాట మాటా పనికొచ్చింది చూడు.

ఇదే బొమ్మతో రెండో ప్రశ్న వేయొచ్చు. క వద్ద ఇప్పుడు పోటు. మళ్లీ పోటు ఎంతసేపటికి? జవాబు సుమారు 12 గంటల 25 నిమిషాలు. భూమి ఒక చుట్టు తిరిగి వచ్చేలోగా చంద్రుడు కూడా అదే దిశలో 12 డిగ్రీల పైచిలుకు ముందుకు జరుగుతాడు. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి, చంద్రుణ్ని అందుకోవడానికి ఇంకో 50 నిమిషాలు కావాలి. మొత్తం 24 గంటల 50 నిమిషాలు. ఉబ్బులు రెండు కనుక అందులో సగం.

తప్పు ఆప్షన్లను ఊరికే తోచిన అంకెలతో నింపకు. 12 గంటలు అన్నవాడు చంద్రుడి కదలిక మరిచాడు. 24 గంటల 50 నిమిషాలు అన్నవాడు అవతలి ఉబ్బును మరిచాడు. 24 గంటలు అన్నవాడు రెండూ మరిచాడు. పేపర్లు దిద్దేటప్పుడు ఎవరికి ఎక్కడ చిక్కుపడిందో నీకే తెలిసిపోతుంది.

ఒక షరతు మాత్రం తప్పకుండా పెట్టు: "భూమి అంతా సమాన లోతు నీటితో కప్పబడి ఉందనుకోండి." నిజమైన సముద్రంలో ఖండాలు అడ్డుపడతాయి, లోతులు మారతాయి. చంద్రుడు నడినెత్తికి వచ్చాక గంటల తర్వాత పోటు వచ్చే తీరాలున్నాయి. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కొన్నిచోట్ల రోజుకు ఒక్క పోటే వస్తుంది. ఆ షరతు లేకపోతే, అలాంటి తీరం గురించి తెలిసిన పిల్లే నష్టపోతుంది.

ప్రవాహాల ప్రశ్నలో "పడమటి ప్రవాహం" అన్నావు. గాలికి అది వచ్చే దిక్కు పేరు పెడతారు, ప్రవాహానికి అది పోయే దిక్కు పేరు. టెన్షన్ లేకుండా "తూర్పు నుంచి పడమరకు" అని రాసేయ్.

లవణీయత గ్రాఫులో "గీత కిందికి దిగుతోంది" అన్నావు. అక్కడ నిలువు అక్షం మీద ఉన్నది లోతు, సున్నా పైన ఉంది. గీత దిగుతోందంటే లోతుకు పోతున్నామనే, ఉప్పు తగ్గిందని కాదు. నీ గ్రాఫులో ఉపరితలం దగ్గర కిలో నీటికి 36 గ్రాములు, 1000 మీటర్ల దగ్గర 34.5 గ్రాములు ఉంది కదా, ఆ అంకెలే చెప్పు. ఉప్పు చూపే అడ్డ అక్షం సున్నాతో కాకుండా 33తో మొదలవుతుందని కూడా చెప్పాలి. లేకపోతే ఆ చిన్న తేడానే కొండంత అనుకుంటారు.

గ్రాఫు ప్రశ్న తిరగరాసి పంపు. బొమ్మ మాత్రం జత చేయకు. నీ వర్ణన చదివి నేనే గీసి పంపుతాను, నీ దగ్గరున్న దాని పక్కన పెట్టి చూసుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు