సోలార్ పెట్టుబడి ఎన్నేళ్లలో తిరిగొస్తుంది?

మాది హైదరాబాద్. నెలకు 450 యూనిట్లు కాలుతుంది. 3 కిలోవాట్ల సోలార్ పెట్టిస్తే డబ్బులు ఎన్నాళ్లకు వెనక్కి వస్తాయి?

దాదాపు నాలుగేళ్లు. లెక్క మాత్రం నెలవారీగా, స్లాబుల ప్రకారమే వేయాలి. కొందరు అమ్మకందారులు ప్యానెళ్లు నెలకు ఇచ్చే 350 యూనిట్లను నేరుగా పైస్లాబు రేటు 9.50తో గుణించి 3,325 మిగులుతుందంటారు. అసలు మీ కరెంటు ఛార్జీలే 3,165 కదా!

నెట్ మీటరింగ్ అంటే వాడకంలోంచి సోలార్ యూనిట్లు తీసేసి మిగతా వాటికే బిల్లు వేయడం, అందులో పైస్లాబు యూనిట్లు ముందు తగ్గుతాయి. ఏప్రిల్‌లో 410 యూనిట్లు తయారైతే మిగిలిన 40కి 78 రూపాయలే, అంటే 3,087 ఆదా. జులైలో మబ్బులకు ఉత్పత్తి 280కి పడితే 170 యూనిట్లకు 676 కట్టాలి, ఆదా 2,489. ఇలా పన్నెండు నెలలూ వేస్తే ఏడాదికి సుమారు 33,600. ఫిక్స్‌డ్ ఛార్జీలు ఎలాగూ తప్పవు, వాటిని కలపకండి.

ప్యానెళ్లు కడగడానికీ చిన్న రిపేర్లకూ ఏటా 3,000 తీసేయండి. కొటేషన్ 2 లక్షలైతే 78,000 కేంద్ర సబ్సిడీ పోను 1,22,000. దాన్ని 30,600తో భాగిస్తే నాలుగేళ్లు. పదేళ్లు దాటాక ఇన్వర్టర్ మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చు వేరే రాసుకోండి.

అదే వాడకం 220 యూనిట్లే అయితే ఆదా నెలకు 1,174 దాటదు, పదకొండేళ్లు పడుతుంది. వాళ్లకు 3 కిలోవాట్లు దండగ.